స్తంభం గురించి కాదు, దాని వయసు గురించి రాయి

చిరంజీవికి,

నీ బొబ్బిలి వ్యాసం రెండుసార్లు చదివాను. కోటలో ఆడవాళ్లు, పిల్లలు చనిపోయే ఘట్టం బాగుంది. మూడో పేజీలో మాత్రం ఒళ్లు మండింది. "ఆనాటి వీరుల రక్తంతో తడిసిన స్తంభం" అన్నావు. యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. ఆ స్మారక స్తంభం నిలబెట్టింది 1891లో. మధ్యలో 134 ఏళ్లు. ఏ రక్తమయ్యా?

స్మారకం కనిపిస్తే ముందు అడగాల్సింది ఎప్పుడు కట్టారు, డబ్బు ఎవరిది అని. ఇక్కడ డబ్బు ఓడిన వాళ్ల వారసులది, బొబ్బిలి సంస్థానానిది. అప్పుడు రాజ్యం తెల్లవాళ్లది. కథలో శత్రువులేమో విజయనగరం రాజు విజయరామరాజు, ఆయన వెంట వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ. ఫ్రెంచివాళ్ల మీద ఎంత కోపం పోసినా ఇంగ్లీషు కలెక్టరుకు ఇబ్బంది లేదు కదా. అందుకే ఆ రాయి అంత ధీమాగా లేచిందని నా నమ్మకం.

ఇంకోటి. నీ కథ తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారంలో పొడిచి చంపడంతో ఆగిపోయింది. బుర్రకథా అక్కడే ఆగుతుంది. తర్వాత ఏమైంది? విజయనగరం గద్దెనెక్కిన ఆనందరాజుకు బుస్సీతో పడలేదు. కలకత్తాలో ఉన్న క్లైవుకు కబురు పెట్టాడు. కర్నల్ ఫోర్డు ఇంగ్లీషు సైన్యంతో దిగాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు. కోస్తా ఇంగ్లీషు చేతికి పోయే దారి అక్కడ తెరుచుకుంది. మా బడిలో బొబ్బిలి తెలుగు వాచకంలో ఉండేది, చందుర్తి సోషల్ పుస్తకంలో ఒక్క వాక్యం. రెంటికీ మధ్య రెండేళ్లు కూడా లేవని ఏ మాస్టారూ చెప్పలేదు. 1757 అంటే ప్లాసీ, అంతే.

నా మొదటి వ్యాసం దీని మీదే. పదకొండు పేజీలు, చందుర్తితో ముగించాను. ఒక వారపత్రిక ఎడిటరు చివరి మూడు పేజీలు కోసేసి, "పాపారాయుడి దగ్గర పాఠకుడు ఏడుస్తాడు, అక్కడే వదిలెయ్" అన్నాడు. అచ్చులో చూసి వారం రోజులు అన్నం సయించలేదు. ఇప్పుడు నువ్వు ఎవరూ కొయ్యకుండానే ఆ మూడు పేజీలు వదిలేశావు.

విజయనగరం వైపు నుంచి ఒక్క పేరా కూడా లేదు. తమ రాజును నిద్రలో పొడిచిన రాత్రిని వాళ్లు ఏ రాయి మీద చెక్కిస్తారు? నువ్వు రాయాల్సింది అది.

మూడో పేజీ తిరగరాసి పోస్టులో పంపు. ఫోనులో నాకు అక్షరాలు కనిపించవు.