వెయ్యి ఇటుకల ఖర్చు ఎక్కడ తప్పుతుందంటే

ప్రశ్న: ఇటుక బట్టీ పెడదామనుకుంటున్నాను. మట్టి, ఊక, కూలీ, విరిగిపోయేవి అన్నీ కలిపి వెయ్యికి ఎంత పడుతుంది?

నాకు 5,600 పడింది. మా బావమరిది పుస్తకంలో మాత్రం 4,400 అని రాసి ఉంది. ఇద్దరం ఒకే బట్టీ గురించి చెబుతున్నాం, ఇద్దరం లెక్కేసింది ఒకే ఖర్చు. తేడా ఎక్కడొచ్చిందో చెబితే మీ ప్రశ్నకు సగం జవాబు వచ్చేసినట్టే.

మాది కోనసీమ. మూడేళ్ల కిందట లక్ష ఇటుకలు కోయించాను, తొమ్మిది, నాలుగు, మూడు అంగుళాల సైజు. ట్రాక్టరు లోడు మట్టికి సుమారు వెయ్యి ఇటుకలు వచ్చాయి. తోలకంతో కలిపి లోడు 900, అంటే మట్టికి 90 వేలు. మట్టి తొక్కి, కోసి, ఆరబెట్టి, తిరగేసినందుకు వెయ్యికి వెయ్యి చొప్పున లక్ష. ఇంతవరకు పుస్తకం చక్కగానే నడిచింది.

ఏప్రిల్లో ఓ సాయంత్రం వాన పడింది. పరదాలు కప్పేలోపే పది వేల పచ్చి ఇటుకలు అంచులు కరిగి కూర్చుండిపోయాయి. కొందరు యజమానులు ఇలాంటప్పుడు కోసినవాళ్ల కూలీ ఎగ్గొడతారు. వాన పడితే వాళ్లేం చేస్తారండీ? నేను ఇచ్చేశాను. అయితే చెప్పేదేంటంటే, పచ్చిగా పోయిన ఇటుకకు మట్టి, కోత కలిపి 1.90 మాత్రమే పోతుంది. సీజన్ మిగిలి ఉంటే ఆ మట్టిని మళ్లీ తొక్కించి కోయించుకోవచ్చు కూడా. నాకు ఆ టైం లేదు.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. మళ్లీ వాన వస్తుందేమోనన్న టెన్షన్‌లో మిగిలిన 90 వేలూ నాలుగు రోజుల్లోనే పేర్పించేశాను. మేస్త్రీ ఒక ఇటుకను మధ్యకి విరిచి చూపించాడు. చుట్టూ తెల్లగా ఆరింది, లోపల మచ్చ నల్లగా ఉంది. 'ఇంకో వారం ఆగుదామండీ' అన్నాడు. వినలేదు.

మండపేట వైపు మిల్లుల నుంచి ఊక తెప్పించాను. 36 టన్నులు, టన్ను ఐదు వేలు, మొత్తం లక్షా ఎనభై వేలు. ఇదివరకు ఊక ఎత్తుకుపోతే చాలనేవాళ్లు. ఇప్పుడు మిల్లులు వాళ్ల బాయిలర్లకే వాడేసుకుని, మిగిలినదానికి బియ్యం అమ్మినట్టు బేరం ఆడుతున్నారు! సరే, నిప్పు పెట్టిన మూడో రోజుకి కూడా పైనుంచి తెల్లటి ఆవిరే వస్తోంది. ఊక మంట మొదట ఇటుకలోని నీళ్లను ఆవిరి చేయడానికే పోయిందన్నమాట. లోపలి తడి ఒక్కసారిగా ఆవిరై బయటికి తోసుకొస్తే ఇటుక పగులుతుంది. దీనికి తోడు పడమటి గాలి. మంట ఓ పక్కకి లాగేసింది.

బట్టీ విప్పిన రోజు మర్చిపోలేను. తూర్పు పక్క ఇటుకలు కరిగి ఒకదానికొకటి అంటుకుని, గునపంతో పొడిస్తే గానీ ఊడలేదు. పడమటి పక్క లేత గులాబీ రంగులో, రెండు కలిపి కొడితే ఖంగుమనకుండా మెత్తగా డబ్ అన్నాయి. లెక్క పెడితే 8 వేలు పగిలినవి, కరిగినవి. 7 వేలు సరిగా కాలనివి. మంచివి 75 వేలు.

పేర్పుకి 27 వేలు, విప్పడానికి 18 వేలు, స్థలం అద్దె, మోటారు, పరదాలకు 25 వేలు. మట్టి, కోత, ఊక కలిపితే మొత్తం 4 లక్షల 40 వేలు. మా బావమరిది దీన్ని కోసిన లక్షతో భాగించాడు, 4,400 వచ్చింది. కాలని ఇటుకలు వెయ్యి 2,500కి, ముక్కలు పునాదుల్లోకి ఐదు లోడ్లు, 500 చొప్పున పోయాయి. ఆ 20 వేలు తీసేసి, అమ్ముడైన 75 వేలతో భాగించండి, 5,600.

చూడండి, వానకు పోయిన ఇటుక 1.90. బట్టీలో పగిలినదాని మీద పేర్పు, ఊక, విప్పడం కలిపి ఇంకో రెండున్నర రూపాయలు అప్పటికే పెట్టేసి ఉంటాం, అంటే 4.40. మన జనం పచ్చి ఇటుకల మీద పరదా కప్పడానికి పరిగెడతారు గానీ, ఆరిందో లేదో విరిచి చూడటానికి ఓపిక ఉండదు. నన్నడిగితే ప్రతి వరస నుంచి ఒకటి విరిచి చూడండి. విరిచినందుకు పోయేది రెండు రూపాయలే.

మీ ఊళ్లో మట్టి, ఊక రేట్లు వేరుగా ఉంటాయి, నా అంకెలు అక్కడ పనికి రాకపోవచ్చు. భాగించేటప్పుడు మాత్రం కింద ఏ సంఖ్య వేస్తున్నారో చూసుకోండి. నేను వెయ్యి ఆరు వేలకి అమ్మాను. నాలుగు నెలలు బట్టీ దగ్గరే పడుకుంటే మిగిలింది 30 వేలు. మా బావమరిది ఇప్పటికీ పెళ్లిళ్లలో కనిపిస్తే 'బావా, వెయ్యికి పదహారు వందలు మిగిలాయి కదా, మళ్లీ పెట్టవేం?' అంటాడు.