120 టార్గెట్ పెట్టుకునే ముందు బీపీ ఎట్లా కొలుస్తున్నావో చూసుకో తల్లీ

తల్లీ,

నిన్న ఫోన్లో చెప్పావు కదా, ఖమ్మంలో క్లినిక్ తెరవగానే హై రిస్క్ బీపీ పేషెంట్లందర్నీ 120 కిందకి తెస్తాను బాబాయ్ అని. అప్పుడు ఏమీ అనలేదు, వెనకాల మీ పిన్ని పిలుస్తోంది, ఫోన్లో తేలే విషయమూ కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. 120 తప్పని చెప్పడానికి కాదు. ఆ 120 ఏ కుర్చీలో కూర్చోబెట్టి, ఎంతసేపు ఆగి తీసిన 120నో తెలుసుకోకుండా మందులు పెంచొద్దని చెప్పడానికి.

నువ్వు చెప్పేది స్ప్రింట్ ట్రయల్ గురించే కదా. అమెరికా, ప్యూర్టో రికోల్లో 102 సెంటర్లు, 9361 మంది, అందరూ 50 దాటినవాళ్ళు, గుండె రిస్క్ ఎక్కువున్నవాళ్ళు. సగం మందికి పై బీపీ 140 లోపు, సగం మందికి 120 లోపు. 2015లో మధ్యలోనే ఆపేశారు, ఎందుకంటే 120 గ్రూపులో గుండెపోటు, స్ట్రోక్, హార్ట్ ఫెయిల్యూర్ లాంటివన్నీ కలిపి పావు వంతు తగ్గాయి, చావులు కూడా దాదాపు అంతే తగ్గాయి. మంచి ట్రయల్, నేను గౌరవించే ట్రయల్. కాకపోతే రెండు సంగతులు గుర్తు పెట్టుకో. షుగర్ ఉన్నవాళ్ళనీ, అంతకు ముందు స్ట్రోక్ వచ్చినవాళ్ళనీ అందులో తీసుకోలేదు, నీ ఓపీలో షుగర్ పేషెంట్లు ఎంతమంది ఉంటారో నీకే తెలుసు. రెండోది, 120 లోపు అని టార్గెట్ పెట్టుకున్న గ్రూపులో ఏడాది తర్వాత సగటు 121.4. అంటే మొదట నెలనెలా, తర్వాత మూణ్ణెల్లకోసారి పిలిచి, మందులు ఫ్రీగా ఇచ్చి, మనిషికి సగటున మూడు మందుల దాకా వేసినా చాలామంది 120 కిందకి రాలేదు.

ఇక అసలు సంగతి కొలత. అక్కడ ఓమ్రాన్ 907 ఎక్స్ఎల్ అనే మెషీన్ వాడారు. దాని సెట్టింగ్ ఏంటంటే పేషెంటుని కుర్చీలో కూర్చోబెట్టి కఫ్ కట్టి బటన్ నొక్కితే 5 నిమిషాలు అదే ఆగుతుంది, తర్వాత నిమిషానికొకటి చొప్పున మూడు రీడింగులు అదే తీసుకుని సగటు చూపిస్తుంది. మాటల్లేవు, ఫోన్ లేదు, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో టేబుల్ మీద. చాలా సెంటర్లలో స్టాఫ్ బటన్ నొక్కి గదిలోంచి బయటికి వెళ్ళిపోయారు. మన దగ్గర ఎట్లా ఉంటుందో నీకు చెప్పాలా, పేషెంట్ మెట్లెక్కి ఆయాసంతో వచ్చి స్టూల్ మీద కూర్చుంటాడు, సిస్టర్ చొక్కా చెయ్యి మీదనుంచే కఫ్ చుట్టేస్తుంది, ఆయన తన మోకాళ్ళ నొప్పి గురించి చెబుతూనే ఉంటాడు, ఒక్క రీడింగ్, అది రాసేసి తర్వాతి మనిషి.

ఈ రెండిటి మధ్య తేడా ఎంతో స్ప్రింట్ వాళ్ళ మీదే చూశారు. అందులో ఉన్న 3 వేల మందికి పైగా పేషెంట్లు మామూలుగా తమ డాక్టర్ల దగ్గరికి కూడా వెళ్తుంటారు కదా, అక్కడ రికార్డుల్లో పడ్డ బీపీని ట్రయల్ బీపీతో పోల్చి 2020లో వేశారు. 120 గ్రూపులో మామూలు క్లినిక్ బీపీ సగటున 7.3 ఎక్కువ, 140 గ్రూపులో 4.6 ఎక్కువ. అంటే ట్రయల్లో 120 ఉన్న మనిషే తన డాక్టర్ దగ్గర 127, 128 చూపించాడన్నమాట, మనిషి అదే, మందులు అవే.

ఇది చదవగానే, సరే బాబాయ్, నా రీడింగ్ లోంచి ఒక 7 తీసేస్తా అంటావేమో. చాలామంది పెద్ద డాక్టర్లు కూడా ఇదే చేస్తారు, ఇక్కడే మోసపోతారు. 7.3 అనేది సగటు. అదే లెక్కలో ఒక్కొక్క మనిషి తేడా చూస్తే ఒకడికి క్లినిక్లో 45 దాకా ఎక్కువ, ఇంకొకడికి 30 దాకా తక్కువ కూడా ఉండొచ్చు. అంత వెడల్పున్న తేడాకి ఏ ఒక్క అంకె తీసేసినా ఎవరికీ సరిపోదు. నీ ముందున్న మనిషికి 138 వస్తే ట్రయల్ పద్ధతిలో అది 122 కావచ్చు, 140 కావచ్చు, కూర్చోబెట్టి తీస్తే తప్ప తెలియదు.

నా పేషెంట్ ఒకాయన సంగతి చెప్తా. 68 ఏళ్ళ రిటైర్డ్ మాస్టారు, షుగర్ లేదు, అమ్లోడిపిన్ 5, టెల్మిసార్టాన్ 40 మీద ఉన్నాడు. అది 2016, స్ప్రింట్ వేడి మీద ఉన్న రోజులు. మూడు విజిట్లలో 142, 138, 144. నేను ఇంకేం ఆలోచించలేదు, క్లోర్థాలిడోన్ 12.5 కలిపాను. మూడు వారాలకి రాత్రి బాత్రూంకి లేచి పడిపోయాడు, నుదుటి మీద కుట్లు. సోడియం చూస్తే 126కి పడిపోయింది. ఆ మందు ఆపేసి, సోడియం సర్దుకున్నాక, ఒక నెల ఆగి పిలిపించి, ఈసారి నేనే దగ్గరుండి చేశాను. రాగానే సిస్టర్ ఎప్పట్లాగే తీస్తే 140. తర్వాత లోపలి గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, చొక్కా చెయ్యి తీయించి, కోడలిని బయట ఉండమని చెప్పి, 5 నిమిషాలు ఫోన్లో టైమర్ పెట్టి తీస్తే 128, 124, 123. సగటు 125. అదే మనిషి, అదే రోజు, అర గంట తేడాలో 15 పాయింట్లు. ట్రయల్ లెక్కలో 125 కూడా 120 పైనే అంటావు, నిజమే, వాళ్ళయితే ఇంకో మందు కలిపేవాళ్ళేమో. కానీ నేను 142 అనుకుని, దూరంగా ఉన్నాడనుకుని కలిపాను, ఆయన అప్పటికే దాదాపు అక్కడే ఉన్నాడు. ఆ దెబ్బ నా కొలత వల్ల తగిలింది, ఇప్పటికీ ఆయన నుదుటి మచ్చ చూస్తే మనసు చివుక్కుమంటుంది. స్ప్రింట్లో కూడా 120 గ్రూపులో బీపీ పడిపోవడం, సొమ్మసిల్లడం, సోడియం తగ్గడం, కిడ్నీ దెబ్బ ఎక్కువే వచ్చాయి, కానీ వాళ్ళకి వచ్చింది నిజం 120 దగ్గర. మనం తప్పు కొలతతో తరిమితే ఇంకా కిందకి వెళ్తాం.

ఇప్పుడు నువ్వు, అయితే పేషెంటుని ఒంటరిగా వదిలేసే గది కట్టిస్తా అనకు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది, దాన్ని చాలామంది సగమే చెప్తారు. మనిషి లేని గది అనే మాట ట్రయల్ పేపర్ వచ్చాక పెద్ద గొడవ అయింది, దాంతో సెంటర్లని అడిగారు, మీరు గదిలో ఉన్నారా లేదా అని. 38 సెంటర్లు (4082 మంది పేషెంట్లు) మొత్తం టైమంతా ఒంటరిగా వదిలేశాం అన్నాయి, 25 సెంటర్లు (2247 మంది) అసలు వదల్లేదు, స్టాఫ్ అక్కడే ఉన్నారు అన్నాయి, మిగతావి మధ్యస్తంగా. రెండు రకాల్లోనూ సాధించిన బీపీ దాదాపు ఒకటే, లాభమూ ఒకేలా వచ్చింది. సెంటర్లని ముందే లాటరీ వేసి పంచలేదు కాబట్టి ఇదే ఆఖరి మాట అనలేం, కానీ నా నమ్మకం ఏంటంటే పని చేసింది ఖాళీ గది కంటే ఆ 5 నిమిషాల నిశ్శబ్దం, మూడు రీడింగుల సగటు. సిస్టర్ గదిలోనే ఉన్నా పర్లేదు, నోరు విప్పకపోతే చాలు. నిజానికి మన క్లినిక్కుల్లో పోయేది అదే, ఎవరో ఒకరు మాట్లాడతారు.

అయితే ఒక్కొక్కరికి 8 నిమిషాలు పడుతుంది, రోజుకి 60 మంది వస్తే 8 గంటలు ఒక కుర్చీకే సరి. అందరికీ చెయ్యలేవు, చెయ్యక్కర్లేదు కూడా. మామూలు పద్ధతిలో 118 వచ్చి కళ్ళు తిరగడం లేనివాడికీ, 190 వచ్చినవాడికీ ఈ కుర్చీ వల్ల నీ నిర్ణయం మారదు. మందు పెంచాలా వద్దా అని చెయ్యి ఆగే చోట మాత్రం, అంటే 125 నుంచి 150 మధ్య, తప్పకుండా కూర్చోబెట్టు. అట్లా అయితే రోజుకి పది, పన్నెండు మంది తేలతారు, ఒక కుర్చీ, ఒక మూల చాలు. నీకు 907 కొనాల్సిన పని లేదు, చేతికి సరిపడే కఫ్ ఉన్న మంచి మెషీన్, ఒక టైమర్. పెద్ద చేతికి చిన్న కఫ్ కడితే ఎంత సేపు కూర్చోబెట్టినా బీపీ ఎక్కువే చూపిస్తుంది, కాబట్టి పెద్ద కఫ్ తప్పకుండా తెప్పించు. కూర్చోబెట్టే ముందు బాత్రూంకి వెళ్ళి రమ్మను, అరగంట ముందు టీ, సిగరెట్ వద్దను. తర్వాత నిలబెట్టి ఒక నిమిషానికి ఇంకోసారి తియ్యి, స్ప్రింట్లో నిలబడితే 110 కంటే తక్కువ వచ్చినవాళ్ళని అసలు చేర్చుకోలేదు, నువ్వూ అట్లాంటి వాళ్ళని 120 వైపు నెట్టకు.

ఇది కుదరనప్పుడు, జనం ఎక్కువున్న రోజు కుదరదు, అప్పుడు 120 మాట పక్కన పెట్టు, మామూలు కొలతకి మామూలు టార్గెట్టే పెట్టుకో. కిడ్నీ డాక్టర్ల కేడిగో గైడ్‌లైన్ కూడా 2021లో 120 లోపు అన్నప్పుడు, ఈ స్టాండర్డ్ పద్ధతిలో తీస్తేనే అని షరతు పెట్టింది, ఆ షరతు వదిలేసి నంబర్ మాత్రం అందరూ పట్టుకున్నారు.

ఇంకొకటి, మీ సిస్టర్ కొలత ఎట్లా ఉందో తెలుసుకోవాలంటే పక్కన నిలబడక్కర్లేదు, రిజిస్టర్ చూడు. డిజిటల్ మెషీన్ మీద సున్నాతో ముగిసే రీడింగ్ పదింటికి ఒకటి రావాలి. 130, 140, 120 అని పేజీ నిండా సున్నాలే కనిపిస్తే మెషీన్ చెప్పింది కాదు, చేతికొచ్చింది రాస్తున్నారని అర్థం. అమ్మాయిని తిట్టకు, మూడు రీడింగులూ విడివిడిగా రాయమను, సగటు నువ్వు వేసుకో.

మొదటి నెల రిజిస్టర్ పేజీలు ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి, చివరి అంకెలు ఇద్దరం కూర్చుని లెక్కపెడదాం.

మీ బాబాయి