సీఈఓ సందేశం: మొదటి పేరా తీసేసి చూడండి

"మా న్యూస్‌లెటర్‌లో సీఈఓ గారి నెలవారీ సందేశాన్ని నేనే ఎడిట్ చేస్తాను. ఏ నెల చూసినా ఒకేలా, యంత్రం రాసినట్టు ఉంటోంది. ఎలా మార్చాలి?"

ముందు మొదటి పేరా మొత్తం తీసేసి రెండోదాని నుంచి చదవండి, చాలాసార్లు అసలు విషయం అక్కడే మొదలవుతుంది. తర్వాత ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఇది వేరే కంపెనీ సీఈఓ సంతకంతో వచ్చినా, పోయిన నెలే వచ్చినా సరిపోతుందా అని చూడండి. సరిపోతే కొట్టేయండి.

మిగిలినదాంట్లో ఎవరు, ఏం చేశారు అన్నది లేకపోతే మీరు ఊహించి మాత్రం నింపకండి. ఉదాహరణకి "మన బృందం అంకితభావంతో సవాళ్లను అధిగమించింది" అని ఉందనుకోండి. ఆయనకి ఫోన్ చేసి, "ఇది రాసేటప్పుడు మీ మనసులో ఉన్న సంఘటన ఏంటి సార్?" అని అడగండి. "అదేనండీ, ఆ రోజు సర్వర్ ఆగిపోతే సపోర్ట్‌లో నలుగురు తెల్లారేదాకా కూర్చున్నారు, నాకు పొద్దున వచ్చేదాకా తెలియనే తెలియదు" అంటారు. మీకు కావాల్సిన వాక్యం అదే, దాదాపు అలాగే పెట్టేయండి. "నాకు తెలియనే తెలియదు" అన్న ముక్క ఇబ్బందిగా ఉందని ఎవరైనా తీసేయమంటారు, దాని కోసం కాస్త పట్టుబట్టండి, ఆయన మనిషిలా కనిపించేది అక్కడే. ఆ నలుగురి పేర్లు వేసేముందు వాళ్లని అడగండి.

ఎర్ర గీతలతో నిండిన కాపీ పంపితే ఆయన పాత మాటలన్నీ వెనక్కి పెట్టేస్తారు, నాకు అలా రెండుసార్లు అయింది. శుభ్రమైన కాపీ పంపి, ఒకసారి పైకి చదవమనండి. ఆయన నాలుక తడబడిన చోట ఇంకా మార్చాలి.