రాజీనామా ఆమోదించి, తాళాలూ ఖాతాలూ అప్పగించమన్నారు: సంతకం చేయవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం చదివి, రాజమహేంద్రవరంలోని ఒక ఎలక్ట్రికల్ హోల్‌సేల్ దుకాణంలో రెండేళ్లుగా లెక్కలు, వసూళ్లు చూస్తున్నాడు. హైదరాబాదులో ఆరు నెలల డేటా అనలిటిక్స్ కోర్సులో చేరాలని జూన్ 1న రాజీనామా ఇచ్చాడు. యజమాని ఆమోదిస్తూ లేఖ ఇచ్చారు. కానీ జూన్ 30 లోపల తాళం చెవులు, ఖాతాలు, కస్టమర్ల నంబర్లు అన్నీ అప్పగించి సంతకం చేయమన్నారు. దుకాణం వాట్సాప్ కూడా మావాడి సొంత నంబరు మీదే నడుస్తోంది. రేపు లెక్కల్లో ఏదైనా తేడా వస్తే వీడి మీద వేయడానికే ఇదంతా అని నా భయం. జీతం చేతికి వచ్చేవరకు తాళాలు ఇవ్వొద్దని చెప్పాను. సంతకం చేయవచ్చా? ఈ కోర్సు మంచిదా, లేక ఎంకాం గానీ సీఎంఏ గానీ చదివించాలా? (ఒక తండ్రి)

జవాబు: సంతకం చేయవచ్చు, చేయాలి కూడా. అయితే ఖాళీగా ఉన్న కాగితం మీద కాదు, వివరాలన్నీ నిండిన కాగితం మీద. మీ అబ్బాయి ఒక్కడే కాదు, యజమానితో కలిసి. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తుంటాయి. అన్నింటిలోనూ అడుగున ఉండేది మీకున్న భయమే: పిల్లవాడు మంచిగా బయటికి వస్తాడా, లేక ఏదో మచ్చ వెంటబెట్టుకుని వస్తాడా అని. మచ్చ పడకుండా కాపాడేది మీరు అనుమానిస్తున్న ఆ అప్పగింత పత్రమే. పత్రం లేకుండా వచ్చేసినవారికే ఆరు నెలల తరువాత "ఆ డబ్బు ఏమైంది?" అని ఫోన్లు వస్తుంటాయి.

ముందుగా మీకు ఒక మాట కటువుగానే చెప్పాలి. జీతం వచ్చేవరకు తాళాలు ఇవ్వొద్దన్న మీ సలహా మీ అబ్బాయికి మేలు చేయదు. గోడౌను తాళం చెవి యజమాని సొత్తు. దాన్ని బిగబట్టుకుని కూర్చుంటే, ఇప్పటివరకు జీతం రావలసిన ఉద్యోగిగా ఉన్నవాడు ఇతరుల సొత్తు తిరిగి ఇవ్వనివాడిగా మారిపోతాడు, పోలీసు ఫిర్యాదుకు కూడా దారి ఏర్పడుతుంది. జీతం కోసం అడగవలసిన చోటు వేరే ఉంది. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్‌లోని 17వ సెక్షను ప్రకారం రాజీనామా చేసిన ఉద్యోగికి రావలసిన వేతనాన్ని రెండు పనిదినాలలో చెల్లించాలి. మీ అబ్బాయి ఆ మాటను మర్యాదగా ఒక లేఖలో రాసి ఇవ్వవచ్చు. తాళాలను మాత్రం ఆ లేఖకు ముడిపెట్టవద్దు. మీరు స్వయంగా దుకాణానికి వెళ్లి యజమానితో వాదించాలనుకుంటే అదీ మానుకోండి. రెండేళ్లు అక్కడ పనిచేసినది ఇరవై దాటిన మనిషి, తన మాట తానే చెప్పుకోగలడు.

ఇక ఆమోద లేఖలో ఏముండాలో చూడండి. రాజీనామా ఏ తేదీన అందింది, ఏ తేదీ సాయంత్రం నుండి విధుల నుండి విడుదల చేస్తున్నారు, ఏమేమి అప్పగించాలి, అప్పగించిన తరువాత యజమాని ఏమివ్వాలి అనే నాలుగు విషయాలూ స్పష్టంగా ఉండాలి. చాలా లేఖల్లో చివరిది కనబడదు. అటువంటప్పుడు ఈ వాక్యాలు చేర్చమని అడగవచ్చు:

"మీరు జూన్ 1న ఇచ్చిన రాజీనామాను ఆమోదించడమైనది. జూన్ 30 సాయంత్రం దుకాణం మూసే వేళకు మీరు విధుల నుండి విడుదలవుతారు. షట్టరు, గోడౌను, గల్లాపెట్టె తాళం చెవులను, ఆ రోజు వరకు సరిచూసిన ఖాతాలను, కస్టమర్ల వివరాల పుస్తకాన్ని యజమానికి అప్పగించాలి. అప్పగింత పత్రం మీద ఉభయులూ సంతకం చేసి చెరొక ప్రతి ఉంచుకోవాలి. ఆ తరువాత రిలీవింగ్ లెటరు, అనుభవ పత్రం, రావలసిన జీతం ఇవ్వబడతాయి."

ఒకవేళ లేఖలో "ఇకపై ఇదే వ్యాపారంలో మరెవరి దగ్గరా పనిచేయరాదు" అన్న వాక్యం ఉంటే దాన్ని తీసేయమని అడగండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షను ప్రకారం ఉద్యోగం మానేసిన తరువాత వర్తించే అటువంటి నిషేధాలు సాధారణంగా చెల్లవు. కానీ కస్టమర్ల జాబితా మాత్రం దుకాణానిదే. దాన్ని రహస్యంగా వేరొక వ్యాపారికి మోసుకెళ్లడం వేరే విషయం, అది తప్పే.

తాళం చెవుల సంగతి తేలిక. మూడింటి మీదా చెక్కి ఉండే నంబర్లను కాగితం మీద రాసి, ఎన్ని జతలు ఇస్తున్నాడో కూడా రాసి, యజమాని చేతికే ఇవ్వాలి. వాచ్‌మన్‌కో, పక్క గుమాస్తాకో ఇచ్చి రావద్దు.

అసలు కష్టం ఖాతాలలో ఉంది, అక్కడ తొందరపడవద్దు. ఉదాహరణకు ఒక లెక్క చూడండి. దుకాణం లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్‌లో ఒక కస్టమరు పేర జూన్ 30 నాటికి 84,500 రూపాయల బాకీ కనిపిస్తుంది. కానీ జూన్ 27న మీ అబ్బాయి ఆయన దుకాణానికి వెళ్లి 20,000 నగదు వసూలు చేసి, రశీదు చింపి ఇచ్చి, డబ్బు గల్లాలో వేశాడు. పని ఒత్తిడిలో ఎంట్రీ మాత్రం వేయలేదు. అసలు బాకీ 64,500 అన్నమాట. ఈ ఒక్క ఎంట్రీ లేకుండా అతడు వెళ్లిపోతే, సెప్టెంబరులో కొత్త గుమాస్తా ఫోన్ చేసి 84,500 అడుగుతాడు, కస్టమరు 20,000 ఇచ్చేశానంటాడు, మధ్యలో మీ అబ్బాయి పేరు వస్తుంది. మీరు భయపడుతున్న "తేడా" చాలాసార్లు ఇలాగే పుడుతుంది; అందులో ఎవరి కుట్రా ఉండదు.

కాబట్టి చివరి వారం రశీదు పుస్తకాన్ని మొదటి పేజీ నుండి ముందు పెట్టుకుని, ప్రతి రశీదు నంబరుకూ టాలీలో ఎంట్రీ ఉందో లేదో టిక్కు పెడుతూ పోవాలి. రద్దు చేసిన రశీదులు కూడా పుస్తకంలోనే ఉండాలి. ఆ తరువాత పెద్ద బాకీలున్న పదీ పన్నెండు మంది కస్టమర్లకు యజమాని ఎదురుగానే ఫోన్ చేసి, "మా లెక్కలో మీ బాకీ ఇంత, సరేనా?" అని అడిగి, జవాబును బాకీల జాబితాలో ఆ పేరు పక్కనే రాయాలి. చేతిలో ఉన్న చెక్కులను బ్యాంకు, నంబరు, తేదీ, మొత్తంతో సహా రాసి ఇవ్వాలి. గల్లాలో నగదును ఇద్దరూ కలిసి లెక్కపెట్టి, టాలీలోని నగదు నిల్వతో సరిపోయిందని రాసుకోవాలి. సరిపోకపోతే ఎంత తక్కువో, ఎంత ఎక్కువో అదే రాయాలి. తేడాను దాచిన పత్రం మీద సంతకం చేయడం కంటే, తేడాను చూపిన పత్రం మీద చేయడం ఎంతో క్షేమం. టాలీ బ్యాకప్‌ను పెన్‌డ్రైవులో ఆ రోజు తేదీతో యజమానికి ఇచ్చి, తన లాగిన్‌ను తన కళ్ల ముందే తీసేయమని అడగాలి. అది ఆయనకు ఎంత రక్షణో, మీ అబ్బాయికీ అంతే.

మీరు పైపైన చెప్పి వదిలేసిన వాట్సాప్ విషయమే నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది. సొంత నంబరు కదా అని ఆ సిమ్‌ను దుకాణానికి ఇచ్చేయవద్దు. అది మీ అబ్బాయి ఆధార్ మీద తీసుకున్నది, రేపు దానితో ఎవరేమి చేసినా అడిగేది ఇతడినే. దుకాణం పేరున కొత్త సిమ్ తీసుకోమని చెప్పి, వాట్సాప్ సెట్టింగులలో ఉండే నంబరు మార్పు ద్వారా ఖాతాను ఆ కొత్త నంబరుకు మార్చి, యజమాని ఫోన్‌లో తెరిపించాలి. అంతకు ముందే వాట్సాప్‌కు పెట్టుకున్న ఆరంకెల రెండంచెల ధ్రువీకరణ పిన్‌ను తీసేయాలి; మరిచిపోతే, ఆ పిన్ తెలియని యజమాని వారం రోజుల వరకు లోపలికి వెళ్లలేకపోవచ్చు, ఆ వారం ఆర్డర్లు ఆగిన కోపమంతా మీ అబ్బాయి మీద పడుతుంది. కౌంటరు కంప్యూటరులో తెరిచి ఉన్న వాట్సాప్‌ను కూడా లాగౌట్ చేయాలి.

వాట్సాప్‌కు సొంత నంబరు ఇచ్చినవాడు జీఎస్టీ పోర్టల్‌కూ, ఈ-వే బిల్లుకూ అదే ఇచ్చి ఉంటాడేమో ఇవాళే కనుక్కోండి. చిన్న దుకాణాలలో ఇది ఎంతో మామూలు. ఓటీపీలు మీ అబ్బాయి ఫోన్‌కు వస్తున్నాయంటే, అతడు హైదరాబాదు తరగతిలో కూర్చున్నా ప్రతి నెలా రిటర్ను వేసే రోజున దుకాణం నుండి ఫోన్ వస్తుంది. జీఎస్టీ పోర్టల్‌లో `Amendment of Registration Non-Core Fields` అన్న చోట యజమాని గానీ ఆడిటరు గానీ నంబరు మార్చుకోవచ్చు. ఆ పనిని జూన్ 30 లోపలే, మీ అబ్బాయి పక్కనుండగానే పూర్తి చేయించి, పూర్తయిందని పత్రంలో రాయించండి. కస్టమర్ల నంబర్లను దుకాణం పేరు, ఊరు, ఫోను, బాకీ, ఎన్ని రోజుల అరువు అన్న వరుసలో పుస్తకంలోకి ఎక్కించి ఇచ్చాక, తన ఫోన్‌లోంచి తీసేయాలి.

ఇప్పుడు కోర్సు సంగతి. నాకు దీని మీద సందేహాలున్నాయి, దాచను. ఈ రంగంలో మొదటి ఉద్యోగాలకు బీటెక్ వారు పెద్ద సంఖ్యలో పోటీపడుతున్నారు. ఆరు నెలల ధ్రువపత్రం ఒక్కటే మీ అబ్బాయిని వారి ముందు నిలబెట్టదు. "ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అన్న ప్రకటన కింద షరతుల కాగితంలో తరచుగా "సహాయం" అనే మాటే ఉంటుంది. ఫీజును వాయిదాలలో కట్టవచ్చన్నారంటే, అది మీ అబ్బాయి పేరున తీసే రుణం కాదు కదా అని అడగండి; రుణమైతే, చదువు మధ్యలో మానేసినా నెలనెలా కట్టవలసి వస్తుంది. డబ్బు కట్టేముందు వాపసు నిబంధనను రాతపూర్వకంగా తీసుకోండి. ఇంజినీరింగు చదవకుండా ఆ సంస్థలో చేరి ఉద్యోగం తెచ్చుకున్న ఇద్దరితోనైనా మీ అబ్బాయినే మాట్లాడమనండి. ఇద్దరిని కూడా వారు చూపలేకపోతే చేరవద్దు.

అయితే అతడు ఈ రెండేళ్లూ వృథా చేయలేదు. ఎవరు ఎన్నాళ్లకు బాకీ కడతారో, ఏ ఊరిలో ఏ సరుకు కదులుతుందో అతడికి చేతివేళ్ల మీద తెలుసు. ఆ తెలివికి ఎక్సెల్‌నూ, డేటాబేసుల్లోంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్‌నూ కొంత జోడిస్తే కంపెనీల అకౌంట్సు విభాగాలలో పనికొస్తాడు. దానికి ఆ ఖరీదైన కోర్సు తప్పనిసరి కాదు. లెక్కల మీద ఇష్టం నిజంగా ఉంటే సీఎంఏ అతడికి దగ్గరి దారి అని నా అభిప్రాయం, ఎంకాం అంతగా తోడ్పడదు. ఏది ఎంచుకున్నా అనుభవ పత్రం కావాలి. దానిలో "ఖాతాలు, వసూళ్లు" అన్న మాటలు ఉండేటట్టు యజమానిని ఇప్పుడే అడగమనండి, ఉత్త "గుమాస్తా" అని రాయించుకుని రావద్దు.

ఈ రాత్రికే తాళాల విషయంలో మీరిచ్చిన సలహాను వెనక్కి తీసుకున్నానని అతడికి చెప్పండి. రేపు ఉదయం రశీదు పుస్తకంతో మొదలుపెట్టమనండి.