ఫెన్సింగ్ మీది గులాబీ పూల తీగ

"కూకట్‌పల్లిలో మా ఫెన్సింగ్ నిండా ఈ గులాబీ పూల తీగ పాకింది. రాధామనోహరమేనా?"

కాదండీ, ఇది కోరల్ వైన్. ఫొటోలో కుడివైపు పూలగుత్తి కొసను పెద్దది చేసి చూడండి. పూలకాడ చివరే సన్నటి నులితీగలుగా చీలి జాలీని పట్టుకుంది. అసలు గుర్తు అదే, రాధామనోహరానికి నులితీగలే ఉండవు. ఆకులు కూడా మీ తీగకు కణుపుకొకటి చొప్పున అటొకటి ఇటొకటి ఉన్నాయి. దానికైతే ఎదురెదురుగా జతలుగా వస్తాయి.

ఇక పువ్వు చూస్తే, రాధామనోహరానికి పొడవాటి గొట్టం ఉంటుంది, తెల్లగా విచ్చి తర్వాత ఎర్రబడుతుంది. మీ పువ్వుకు గొట్టమే లేదు. బయటి మూడు రేకులు వెడల్పు, లోపలి రెండు సన్నం.

తీసేయాలనుకుంటే మాత్రం పైపైన కోస్తే లాభం లేదు. నేలలో దుంపలుంటాయి, మళ్లీ చిగురిస్తుంది. తవ్వాల్సిందే.