వారం వారం చూడవలసిన అంకెలు: ఆన్‌లైన్ చీరల దుకాణానికి ఒక లెక్క

ప్రశ్న: మంగళగిరి నూలు చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. ధర జీఎస్‌టీతో కలిపి రూ.1,500, నాకు పడేది రూ.950. వారానికి 60 ఆర్డర్లు వస్తాయి, సైట్‌లో అమ్మకాలు రూ.90,000 అని కనిపిస్తాయి, కానీ ఖాతాలో డబ్బు నిలవడం లేదు. ప్రతి సోమవారం ఏయే అంకెలు చూసుకోవాలి?

జవాబు: మూడు అంకెలు చాలు. కొనుగోలుదారు దగ్గరే ఉండిపోయిన పార్సిళ్ల సంఖ్య, పంపిన ఒక్కో పార్సిల్‌పై ప్రకటనలకు ముందు మిగిలిన సొమ్ము, రాబోయే రెండు వారాల నగదు. సైట్ చూపే రూ.90,000 ఈ మూడింటిలో ఏదీ కాదు. అది ఆర్డరు పెట్టిన రోజు లెక్క మాత్రమే.

మీ ఖర్చుల వివరాలు నా దగ్గర లేవు కాబట్టి కొన్ని ఊహించి ఒక వారం లెక్క వేస్తాను. మీ బిల్లుల్లోని అంకెలు వాటి స్థానంలో పెట్టుకోండి. 60 ఆర్డర్లలో 40 క్యాష్ ఆన్ డెలివరీ అనీ, వాటిలో 12 వెనక్కి వచ్చాయనీ అనుకుందాం. నిజంగా అమ్ముడైనవి 48. ధరలోంచి 5 శాతం జీఎస్‌టీ తీసివేస్తే ఈ 48 చీరలకు దాదాపు రూ.68,570 వస్తుంది, అందులో చీరల ఖరీదు రూ.45,600 పోతే రూ.22,970 ఉంటుంది. కొరియర్ ఛార్జీ పార్సిల్‌కు రూ.80 చొప్పున 60 పంపడానికీ 12 తిరిగి రావడానికీ రూ.5,760, ప్యాకింగ్‌కు రూ.1,500, డబ్బు వసూలు చేసిపెట్టినందుకు కొరియర్, పేమెంట్ గేట్‌వే తీసుకునేది రూ.1,830 పోగా రూ.13,880 మిగులుతుంది. దీన్ని 48తో కాకుండా పంపిన 60తో భాగించండి, ఎందుకంటే ప్రకటన ఖర్చు వెనక్కి వచ్చిన ఆర్డర్లకు కూడా అయింది. దాదాపు రూ.231 వస్తుంది. ఒక ఆర్డరు తెచ్చుకోవడానికి మీరు పెట్టగలిగిన గరిష్ఠ ప్రకటన ఖర్చు ఇదే. వారానికి రూ.12,000 పెడుతున్నారనుకుంటే ఆర్డరుకు రూ.200 పడుతుంది, వారం మొత్తానికి మీకు మిగిలేది రూ.1,880. తిరిగి వచ్చిన వాటిలో రెండు చీరలు మరక పడి అమ్మకానికి పనికిరాకపోతే అదీ ఉండదు. ప్రకటనల పేజీ మాత్రం రూపాయికి ఏడున్నర రూపాయల అమ్మకం వచ్చిందని చూపిస్తూనే ఉంటుంది.

అదే 12 వాపసులు 6కు తగ్గితే, ప్రకటనలకు ఒక్క రూపాయి అదనంగా పెట్టకుండానే మిగులు దాదాపు రూ.5,000 అవుతుంది. మొదటి అంకెగా వెనక్కి రాని పార్సిళ్లనే పెట్టమనడానికి కారణం ఇది.

వాపసు శాతం లెక్కించడంలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఈ వారం వెనక్కి వచ్చిన పార్సిళ్లను ఈ వారం ఆర్డర్లతో భాగిస్తారు. ఈ వారం మీ గుమ్మంలోకి వచ్చినవి రెండు మూడు వారాల కిందట పంపినవి. దసరా ముందు ఆర్డర్లు 60 నుంచి 120కి పెరిగితే, పాత 12 వాపసులను 120తో భాగించి వాపసులు 10 శాతానికి తగ్గాయని సంతోషిస్తారు, పండుగ అయ్యాక అసలు సంగతి తెలుస్తుంది. అందువల్ల షీట్‌లో ప్రతి వరుసకు పంపిన వారం తేదీ వేసి, మూడు వారాలు గడిచాకే ఆ వరుసను పూర్తి చేయండి. పక్క గడిలో కొరియర్ రాసిన కారణం, పిన్‌కోడ్ నమోదు చేయండి. ఒకే పిన్‌కోడ్ నుంచి 'ఇంట్లో లేరు' అనే కారణం పదే పదే వస్తుంటే, అక్కడి ఆర్డర్లను పంపే ముందు ఫోన్ చేసి నిర్ధారించుకోవడమో, ముందే చెల్లించమని అడగడమో చేయాలి.

ఇక ఖాతాలో డబ్బు నిలవకపోవడం. మిగులు పలచగా ఉండటం ఒక కారణమైతే, దారిలో ఉన్న సరుకు రెండోది. వారానికి 12 చొప్పున వెళ్లి రావడానికి మూడు వారాలు పడితే, ఏ రోజు చూసినా 36 చీరలు, అంటే రూ.34,200 విలువైన సరుకు అటు అమ్ముడుపోకుండా, ఇటు మీ బీరువాలో లేకుండా తిరుగుతూ ఉంటుంది. అందుకే మూడో అంకెను ఇలా రాయండి: ఖాతాలో ఉన్నది, దానికి కొరియర్ రెండు వారాల్లో జమ చేయవలసిన క్యాష్ ఆన్ డెలివరీ సొమ్ము కలిపి, అందులోంచి అదే రెండు వారాల్లో మాస్టర్ వీవర్‌కూ, ప్రకటనలకూ, జీఎస్‌టీకీ కట్టవలసినది తీసివేయండి. ఫలితం సున్నాకు దగ్గరపడితే కొత్త సరుకు ఆర్డరు ఒక వారం ఆపండి.

ఫాలోయర్లు, సైట్ సందర్శనలు నెలకోసారి చూస్తే సరిపోతుంది. ఆర్డర్ల సంఖ్యను కూడా నాలుగు వారాల సగటుగానే చూడండి. మీ స్థాయిలో 60 తరువాతి వారం 52 వచ్చినా, 68 వచ్చినా అది మామూలు హెచ్చుతగ్గే, దాన్ని చూసి ప్రకటనలు మార్చవద్దు.