పాలమూరులో ప్యాకింగ్, కొత్తూరులో గోదాం: మా చీరల లెక్క

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఇంట్లోనే చీరలు ప్యాక్ చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. రోజుకు 15 ఆర్డర్ల దాకా వస్తున్నాయి. హైదరాబాద్ దగ్గర వేర్‌హౌస్ వాళ్లకు ఇచ్చేస్తే ఖర్చు తగ్గుతుందా? ఎప్పుడు మారాలి?

తగ్గదండీ. మాది మహబూబ్‌నగర్. నారాయణపేట కాటన్ చీరలు, వాటితోపాటు చీర లంగాలు అమ్ముతాం. లంగాలు కొత్తూరు వైపు ఒక వేర్‌హౌస్‌కు ఇచ్చాం, చీరలు ఇంట్లోనే ఉంచుకున్నాం. నన్నడిగితే మీరు ఆర్డర్లు లెక్కపెట్టడం మానేసి, అమ్ముతున్న వాటిలో ఒకేలాంటి సరుకు ఎంత ఉందో చూడండి.

ముందు మీ 15 ఆర్డర్ల లెక్క చూద్దాం. నెలకు ఇంచుమించు 400 పార్సిళ్లు. ఇంట్లో చేస్తే సగం పూట వచ్చే అమ్మాయికి 8,000 అనుకోండి. కవరు, టేపు, లేబుల్ కలిపి పార్సిలుకు 10 చొప్పున 4,000. మొత్తం 12,000, అంటే ఒక్కోదానికి 30 రూపాయలు. మాకు వచ్చిన కొటేషన్‌లో చీర తీసి ప్యాక్ చేయడానికి కవరుతో కలిపి 28, సరుకు దించుకుని ఎక్కించుకోవడానికి పీసుకు 4, ర్యాకులో ఉంచినందుకు నెలకు పీసుకు 3, వాపసు వస్తే 15 వేశారు. 600 చీరల స్టాకు, 50 వాపసులు అనుకుంటే బిల్లు 15,350. పార్సిలుకు 38 పడింది. దీనిమీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, మామూలు రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు అది క్రెడిట్‌గా తిరిగి వస్తుంది కాబట్టి కలపలేదు. కాంపోజిషన్‌లో ఉంటే అది కూడా మీ నెత్తిమీదే.

ఈ 28 రూపాయలు చూసి అందరూ సంబరపడతారు. నెలకు కనీస బిల్లు 12,000 అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. బతుకమ్మ, దసరా రోజుల్లో అది గుర్తుకే రాదు. అదే నెలకు 150 ఆర్డర్లే వచ్చిన రోజుల్లో పార్సిలుకు 80 రూపాయలు పడుతుంది. ఇంట్లో అయితే 63తో పోతుంది, పని లేని రోజు అమ్మాయిని కుచ్చులు ముడి వేయడానికో, ఫాల్ కుట్టడానికో కూర్చోబెట్టుకోవచ్చు.

మాకు అసలు దెబ్బ తగిలింది మాత్రం కొరియర్ బిల్లులో. ఒక దసరాకు ముందు కొన్ని చీరలు కూడా ఆ వేర్‌హౌస్‌లో పెట్టాం. సీజన్ నడిమధ్యలో వాళ్ల దగ్గర చీర సైజు కవర్లు అయిపోయాయి. మాకు ఒక్క మాట చెప్పకుండా చేతికందిన అట్టపెట్టెల్లో పెట్టి పంపేశారు. ఆ తర్వాత బిల్లు చూస్తే ఒక్క చీర పార్సిలుకు రెండున్నర కిలోల రేటు. చీర బరువేమో 580 గ్రాములు! విజయవాడ నుంచి ఒక పార్సిల్ వాపసు వస్తే దాన్ని ఇంటికి తెప్పించుకున్నాం. పెట్టె ఊపితే లోపల చీర అటూ ఇటూ కొట్టుకుంటోంది. మా ఆయన టేపుతో కొలిచారు. పొడవు 35 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 10.

కొరియర్ వాళ్లు తూకంతో పాటు పార్సిల్ పట్టే చోటు కూడా చూస్తారు. మూడు కొలతలు గుణించి 5,000తో భాగిస్తే వచ్చే కిలోలకూ, అసలు తూకానికీ ఏది ఎక్కువైతే దానికే డబ్బు. మా ఖాతాలో అర కిలోకొక మెట్టు. ఆ పెట్టె 2.1 కిలోలు తేలింది, అంటే రెండున్నర కిలోల మెట్టు. మేం ఇంట్లో కవరులో పెట్టే చీర 28, 24, 5 కొలతల్లో ఉంటుంది. అది 0.67 కిలో, ఒక కిలో మెట్టులోనే పోతుంది. మధ్యలో మూడు మెట్లు, మెట్టుకు 35 రూపాయల చొప్పున పార్సిలుకు 105 రూపాయలు అదనం. ప్యాకింగ్‌లో మిగులుతుందో మిగలదో తెలియని ఐదూ పది రూపాయల కోసం ఇదంతా!

ఇంట్లో ప్యాక్ చేసినప్పుడు కొరియర్ వాళ్లు బరువు ఎక్కువ వేస్తే, కాటామీద పెట్టిన ఫొటో, టేపుతో కొలిచిన ఫొటో పంపి గొడవ పెట్టుకోవచ్చు. దానికి గడువు కొద్ది రోజులే ఉంటుంది. వేర్‌హౌస్‌లో ఆ ఫొటో ఎవరు తీస్తారు? అడిగితే సీజన్‌లో ఫోనే ఎత్తరు.

ఇంకోటి, చేనేత చీర ప్రతిదీ వేరే. మెరూన్‌లోనే నాలుగు రకాలు ఉంటాయి. ఒకదానికి గళ్లు చిన్నవి, ఇంకొకదానికి అంచు వెడల్పు. నేను చీర చూడగానే చెప్తాను, అక్కడి కుర్రాడు స్టిక్కర్ చూస్తాడు. స్టిక్కర్ మారిందంటే చీర మారినట్టే. వాపసు వచ్చినది కట్టి విడిచిన చీరా, మడత విప్పనిదా అన్నది కూడా వాళ్లకు పట్టదు. మంచిదే అని ర్యాకులో పెట్టేస్తారు, అది ఇంకొక ఆడబిడ్డకు పోతుంది. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి తలుపు తీయని వాళ్ల గురించి రాయడం మొదలుపెడితే ఈ జవాబు తెల్లారినా తెగదు. పోను ఛార్జీ, రాను ఛార్జీ రెండూ మనమే కట్టాలి. వేర్‌హౌస్‌లో పెడితే దానిమీద ఇంకో 15.

మరి లంగాలు ఎందుకు ఇచ్చామంటే, అవి హైదరాబాద్ హోల్‌సేల్ నుంచి వచ్చే సరుకు. ఇంతకుముందు మూటలు మహబూబ్‌నగర్ తెచ్చుకునేవాళ్లం. మళ్లీ అవే లంగాలు పార్సిళ్లుగా హైదరాబాద్ మీదుగానే బయటి ఊళ్లకు పోయేవి. వంద కిలోమీటర్లు ఉత్తపుణ్యానికి అటూ ఇటూ మోయడమే కదా. ఇప్పుడు మూట నేరుగా వేర్‌హౌస్‌లో దిగుతుంది. రంగు, సైజు స్టిక్కర్ మీద ఉంటే చాలు, ఎవరు తీసినా ఒకటే లంగా. డెలివరీ కూడా ఒక రోజు ముందే అందుతోంది. కొత్తూరు ఒకప్పుడు మా జిల్లానే, 2015లో అమెజాన్ అక్కడ పెద్ద గోదాం తెరిచింది. ఆ హైవే పక్కన ఇప్పుడు గోదాములకు కొదవ లేదు.

దీంట్లోనూ ఒక చిక్కు వచ్చింది. చీర, లంగా కలిపి ఆర్డర్ చేస్తే చీర ఇక్కడి నుంచి, లంగా అక్కడి నుంచి రెండు పార్సిళ్లుగా పోయేవి, షిప్పింగ్ రెండుసార్లు. అందుకే ఎక్కువగా అడిగే రంగులు కొన్ని ఇంట్లో ఒక ర్యాకులో పెట్టుకున్నాం. కలిపి వచ్చిన ఆర్డర్ ఇంటి నుంచే పోతుంది.

కాబట్టి మీ సంగతికొస్తే, 15 ఆర్డర్లకు ఇల్లు వదలకండి. పికప్ అబ్బాయి వచ్చే టైముకు పార్సిళ్లు తయారుగా లేక వరుసగా మర్నాటికి మిగిలిపోతున్నా, ముందు చేయాల్సింది ఇంకో మనిషిని పెట్టుకోవడం. మీ అమ్మకంలో సగానికి మించి ఒకే రకం సరుకు మళ్లీ మళ్లీ పోతూ, దాన్ని మోసుకురావడానికీ పెట్టుకోవడానికీ ఇంట్లో చోటు లేనప్పుడు ఆ సరుకు ఒక్కటే ఇవ్వండి. గోదాం తెలంగాణలోనే అయితే ఉన్న జీఎస్టీ నంబరులోనే దాన్ని అదనపు వ్యాపార స్థలంగా చేర్పిస్తే సరిపోతుంది. బెంగళూరులో పెడితే అక్కడ వేరే రిజిస్ట్రేషన్ కావాలి.

ఒప్పందంలో మాత్రం ఏ సరుకు ఏ సైజు కవరులో పోవాలో రాయించండి. వాళ్లు పెట్టె వాడితే పెరిగిన కొరియర్ మెట్టు వాళ్లే భరించాలని కూడా రాయించండి. మాకు ఆ రెండో వాక్యం రాయించడానికే ఎక్కువ రోజులు పట్టింది.